ఆవకాయ అందరికీ నచ్చింది, చేతిలో మాత్రం రూపాయి లేదు

*మాది తెనాలి. నా వయసు 41. మా ఆయన పోయి రెండేళ్ళయింది. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, అత్తయ్య నా దగ్గరే ఉంటారు. పింఛను నాలుగు వేలు వస్తుంది. కిందటి వేసవి నుంచి ఆవకాయ, గోంగూర పెట్టి కిలో 250కి ఇస్తున్నాను. తిన్నవాళ్ళంతా బాగుందంటారు, నాకేమో ఏమీ మిగలడం లేదు. మా ఆడపడుచు ఐదు కిలోలు పట్టుకెళ్ళి డబ్బుల మాటే ఎత్తలేదు. మా బావగారు "మనింటి కోడలు పచ్చళ్ళమ్ముకోవడం ఏంటి, తలెత్తుకోలేకపోతున్నాం" అంటున్నారు. బట్టల షాపులో తొమ్మిది వేలకి పని ఉంది, రమ్మంటున్నారు. వెళ్ళనా, పచ్చళ్ళనే నమ్ముకోనా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.*

అమ్మా, షాపు పనికి వెళ్ళండి. పచ్చళ్ళు మాత్రం ఆపకండి, వారానికో పది రోజులకో ఒక్క వాయి పెట్టండి చాలు. బాబు ఫీజు కట్టాల్సిన ఈ ఏడాది మొత్తం భారం జాడీ మీద పెడితే మీకూ టెన్షనే, పచ్చడికీ మంచిది కాదు, ఎందుకంటే డబ్బు అవసరం తరిమినప్పుడే మనిషి నాసిరకం నూనె కొంటుంది, ఆరని ఆకు బాణలిలో వేస్తుంది.

ఎందుకిలా చెప్తున్నానంటే, పొన్నూరులో ఒకావిడ ఉన్నారు. మీలాగే భర్త పోయాక పచ్చళ్ళు మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా అప్పులో పడి నా దగ్గరికి వచ్చారు. ఆవిడ గొడవ కూడా అత్తింటి వాళ్ళ మాటలే అనుకుని కూర్చున్నాను, కాసేపు మాట్లాడాక తేలిందేమిటంటే అసలు లెక్కే రాయలేదు. ఇద్దరం కలిసి ఒక కాగితం మీద ఆవకాయ లెక్క వేశాం. మీరూ ఈ రాత్రి ఇదే పని చెయ్యండి.

ఐదు కిలోల మామిడి ముక్కలు. కాయలకీ, కొట్టించడానికీ కలిపి 400. కారం కిలో 350, ఆవపిండి కిలో 150, ఉప్పు 25, వెల్లుల్లి, మెంతులు 115, నువ్వుల నూనె రెండున్నర లీటర్లు 900. ఇక్కడికి 1,940. ఆవిడ మనసులో ఉన్న లెక్క ఇక్కడితో అయిపోయింది! దీనికి డబ్బాలు, లేబుళ్ళు 220, గ్యాసుకీ మార్కెట్ ఆటోకీ 140 కలిపితే 2,300. ఊట పోను చేతికొచ్చేది పది కిలోలు. అంటే కిలోకి 230 పడింది, అమ్మింది 250కి. రెండు రోజులు నడుం వంచినందుకు పది కిలోల మీద మిగిలింది 200 రూపాయలు. అది కూడా అన్ని కిలోలకీ డబ్బు వస్తేనే. రెండు కిలోలు చుట్టాలకి ఊరికే పోతే వచ్చేది 2,000, అంటే చేతి నుంచి 300 పడింది. మీ ఆడపడుచు ఐదు కిలోలు ఈ లెక్కలో పెట్టి చూడండి, మీ రూపాయి ఎటు పోతోందో నేను చెప్పక్కర్లేదు.

మీ ధరలు అటూ ఇటూ ఉండొచ్చు, కాయల రేటైతే వారం వారం మారుతుంది. కానీ పద్ధతి ఇదే. ఆవిడ కిలో 400 చేశారు. భయపడుతూ చేశారు, నలుగురైదుగురు మానేశారు కూడా. మిగతావాళ్ళు మాట్లాడకుండా కొన్నారు, ఎందుకంటే నువ్వుల నూనెతో ఇంట్లో పెట్టిన ఆవకాయ వాళ్ళకి బయట అంతకంటే తక్కువకి దొరకడం లేదు. ఇప్పుడు అదే పది కిలోల మీద 1,700 మిగులుతుంది. నూనె మార్చి ధర తగ్గించమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది వస్తారు. వినకండి. కొనేవాళ్ళు మీ దగ్గరికి వస్తున్నదే ఆ నూనె కోసం.

ఇంకో సంగతి ఉంది. ఆవకాయతో నెలసరి రాబడి రాదు. మే నెలలో ఒక్కసారి ఏడాదికి సరిపడా తీసుకెళ్ళిపోతారు, ఆ తర్వాత మిమ్మల్ని పలకరించేది మళ్ళీ వేసవికే. పొన్నూరు ఆవిడకి మొదటి ఏడాది జరిగింది అదే, మే నెలలో చేతినిండా డబ్బు, శ్రావణం వచ్చేసరికి ఖాళీ. నెలనెలా డబ్బు తెచ్చేవి తొందరగా అయిపోయే సరుకులు: గోంగూర, టమాటా, పొడులు. ఇడ్లీలోకి కారప్పొడి, అన్నంలోకి కందిపొడి, కరివేపాకు పొడి. ఇవి అరకిలో పావుకిలో కొంటారు, మూడు వారాలకి మళ్ళీ ఫోన్ చేస్తారు. వీటితో పాటు కార్తీకంలో ఉసిరికాయ, సంక్రాంతి ముందు చింతకాయ, ఆ తర్వాత పండుమిర్చి. పండుమిర్చి మన గుంటూరు వైపు వాళ్ళకి వరమే, కాయ చేలోంచి నేరుగా వస్తుంది.

ఆవిడ పొద్దున్నపూట ఒక హాస్టల్లో వంట పని మానకుండానే ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ వచ్చారు. రెండో ఏడాది నెలకి ఇరవై కిలోల దాకా పోయేది, అంటే మిగులు మూడు వేల చిల్లర. మూడో ఏడాది నలభై కిలోలు. నెలకి ఆరేడు వేలు. హాస్టల్ జీతాన్ని వరసగా ఆరు నెలలు పచ్చళ్ళు దాటాకే ఆ పని మానేశారు. ఇప్పటికీ అంతే, లక్షలేం రావు. కానీ ఆ ఆరేడు వేలు ప్రతి నెలా వస్తాయి. మీరు షాపుకి వెళ్తే అక్కడ పనిచేసే అమ్మాయిలే మీ మొదటి పొడుల గిరాకీ అవుతారు, చూడండి.

పెట్టుబడి విషయంలో ఆవిడ చేసిన మంచి పని ఒకటి చెప్తాను. పచ్చడి డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా తెరిచారు. ఫోన్‌పే బోర్డు కూడా ఆ ఖాతాదే. వాయి అమ్ముడవగానే తర్వాతి వాయి సరుకుల డబ్బు అందులోనే వదిలేసి, మిగిలింది మాత్రమే ఇంట్లోకి తీసుకుంటారు. మిరపకాయలు వేసవి మొదట్లో కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కొంటారు, ఘాటుకి తేజ, రంగుకి బాడిగ కలిపి, ఎండబెట్టి, తొడిమలు తీసి, దగ్గరుండి మర పట్టిస్తారు. విడిగా నెలనెలా కొనే కారంతో పోలిస్తే ఖర్చు తగ్గడం ఒకెత్తు, ఏడాదంతా ఒకే రంగు, ఒకే ఘాటు రావడం ఇంకో ఎత్తు. కొనేవాళ్ళు రుచి మారితే వెంటనే పట్టేస్తారు.

పాడవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఒక్క డబ్బా పాడైతే పది ఇళ్ళలో మాట పడుతుంది. గోంగూరలో తప్పంతా తడి దగ్గరే జరుగుతుంది. ఆకు ముందురోజే కడిగి, పాత పంచె మీద నీడన పరిచి, చేత్తో పట్టుకుంటే తడి తగలనంతవరకు ఆరనివ్వాలి. నూనెలో వేయించేటప్పుడు మొదట చుయ్‌మని చప్పుడు, ఆవిరి వస్తాయి. ఆ చప్పుడు పూర్తిగా ఆగి, ఆకు ముద్దై, నూనె పక్కకి తేలేదాకా దించకూడదు. ఆవకాయకి మూడో రోజు తిరగ కలిపినప్పుడు రుచి చూడండి, ఉప్పు నాలుక్కి కొంచెం ఎక్కువే తగలాలి, ముక్క ఊరాక అది సరిపోతుంది. అప్పుడే సరిగ్గా ఉందనిపిస్తే తక్కువైనట్టు, నాలుగు నెలలకి ముక్క మెత్తబడుతుంది. నూనె ముక్కల పైన వేలి మందం తేలాలి. మూత ఉబ్బినా, తీయగానే గాలి తన్నినా, నూనెలో చిన్న చిన్న బుడగలు కనిపించినా, అది లోపల పులుస్తోందని అర్థం. మళ్ళీ వేయించి, పైన నూనె పోసి అమ్మే ఆలోచన వద్దు, పారబోసి వాళ్ళకి కొత్తది ఇవ్వండి. పొన్నూరు ఆవిడ ప్రతి డబ్బా మీదా పెట్టిన తేదీ రాస్తారు, ఏ వాయిలో తేడా వచ్చిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

తినే సరుకు అమ్మేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి. ఇంట్లో చేసుకునే చిన్నవాళ్ళకి పెద్ద లైసెన్స్ అవసరం లేదు, ఈ రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు కూడా వందల్లోనే. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా కాగితంతో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. 14 అంకెల నంబర్ వస్తుంది, దాన్ని లేబుల్ మీద వేయాలి. అది ఉంటే కిరాణా కొట్టువాడు కూడా మీ డబ్బాలు పెట్టుకోవడానికి వెనకాడడు.

ఇక మనుషుల సంగతి. ఆడపడుచుకి ఈ వారమే ఫోన్ చెయ్యండి. దెప్పొద్దు, బతిమాలొద్దు. "వదినా, ఐదు కిలోలకి 1,250 అయింది, మళ్ళీ సరుకులు కొనాలి, ఈ నంబర్‌కి ఫోన్‌పే చెయ్యి" అనండి, అంతే. పాత ధరే చెప్పండి, తీసుకెళ్ళినప్పుడు ఉన్నది అదే కదా. ఇవ్వకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి, కానీ తర్వాతి డబ్బా మాత్రం డబ్బు వచ్చాకే. చుట్టాలకి పెట్టకుండా మీకు ప్రాణం ఒప్పదని నాకు తెలుసు, పెట్టండి, పండగకి ఒక చిన్న రుచి డబ్బా, వంద గ్రాములది. దాని ఖర్చు కూడా పుస్తకంలో రాయండి. పొన్నూరు ఆవిడ చుట్టాలకి కిలోకి యాభై తగ్గిస్తారు, అరువు మాత్రం పెట్టరు.

మీ బావగారితో మీరు వాదించొద్దు. అత్తయ్యగారు మీతోనే ఉన్నారు కదా, ఆవిడ చేతి కొలతలే మీ పచ్చడిలో ఉన్నాయనుకుంటాను. మాట్లాడాల్సింది ఆవిడే. "అబ్బాయి ఫీజు నువ్వు కడతావా నాయనా?" అని కొడుకుని ఆవిడ ఒక్కసారి అడిగితే చాలు. కడతానంటే సంతోషమే, ఎంత, ఏ నెల అని ఆ కూర్చున్నప్పుడే తేల్చుకోండి, ఆ డబ్బు తీసుకోవడంలో తప్పేం లేదు, ఆ పిల్లాడు ఆయన తమ్ముడి కొడుకే. అది వచ్చినా పచ్చళ్ళు ఆగవని కూడా అప్పుడే చెప్పేయండి. కట్టనంటే ఆ ప్రస్తావన అక్కడితో అయిపోయింది.

నిద్ర పట్టకపోవడం ఎన్నాళ్ళ నుంచో రాయలేదు. డబ్బు లెక్క తేలాక కూడా రెండు మూడు వారాలు అలాగే ఉంటే, తిండి సయించకపోతే, గవర్నమెంట్ ఆసుపత్రిలో డాక్టర్‌కి చూపించుకోండి. రెండేళ్ళుగా ఇంటి భారమంతా ఒక్కరే మోస్తున్నారు, అన్నీ పచ్చళ్ళ వల్లే అనుకోవద్దు. కాగితం మీద వేసిన లెక్క నాకు రాసి పంపండి, గోంగూరది కూడా విడిగా. ధర ఎంత పెట్టాలో చూద్దాం.