వాచ్‌మన్‌ను పలకరించాలంటే ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా?

సందేహం: మా అపార్టుమెంటులో రాత్రి కాపలా ఉండే ఆయన వయసులో నాకంటే పెద్ద. ఇంట్లో పనిచేసే ఆమెది నా వయసే. సరుకులు తెచ్చే డెలివరీ వాళ్ళు రోజుకొకరు మారుతుంటారు. ‘నువ్వు’ అంటే చులకన చేసినట్టు ఉంటుంది. ‘మీరు’ అంటే వాళ్ళే ఇబ్బంది పడుతున్నారు. ఏమనాలో తోచక చివరికి ఏమీ అనకుండా వెళ్ళిపోతున్నాను. వీళ్ళను గౌరవంగా పలకరించడానికి తెలుగులో తగిన మాట ఏది? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: తెలుగులో పలకరింపు ఒక విడి మాట కాదు, చాలావరకు అది ఒక ప్రశ్న. ‘నమస్కారం’ ఉంది గాని, గేటు దాటిన ప్రతిసారీ ఒకే మనిషికి దాన్ని చెప్పం. తెలిసినవాళ్ళు ఎదురుపడితే ‘బాగున్నారా?’ అంటాం, ‘ఎప్పుడు వచ్చావు?’ అంటాం, ‘ఎక్కడిదాకా?’ అంటాం. ప్రశ్నలో క్రియ వస్తే దాని చివర ‘వు’ పెట్టాలో ‘రు’ పెట్టాలో ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. ఆ మనిషి మనకు ఏమవుతాడో తేలనప్పుడు నోరు ఆగిపోతుంది. మీకు మర్యాద తెలియక కాదు, మర్యాద తప్పుతుందేమోనన్న భయంతోనే మీరు మౌనంగా వెళ్ళిపోతున్నారు. కానీ మీ మనసులోని తర్జనభర్జన అవతలి మనిషికి కనిపించదు. తనను చూసి కూడా పలకరించకుండా వెళ్ళారన్నదే ఆయనకు మిగులుతుంది.

ముందుగా ‘నువ్వు’ మీద పడిన నింద కొంత తొలగించాలి. అది పుట్టుకతో చులకన మాట కాదు. మీ నెల్లూరులోనే ఉండి భారతం రాసిన తిక్కన కావ్యంలో రాజును సైతం ‘నీవు’ అనే సంబోధిస్తారు. అమ్మనూ దేవుణ్ణీ మనం ఇప్పటికీ నువ్వు అనే అంటాం. ‘మీరు’ నిజానికి బహువచనం. ఒక్కరిని పట్టుకుని పలువురుగా చెప్పడం గౌరవమైంది. ఆ పద్ధతి స్థిరపడ్డాక, ఆ గౌరవం అందరికీ ఇస్తూ ఒకరికి మాత్రం ఇవ్వకపోతే అది లోటుగా వినిపించడం మొదలైంది. అందుకే మనవాళ్ళు ‘అతను నన్ను ఏకవచనంతో మాట్లాడాడు’ అని బాధపడతారు. వ్యాకరణ పారిభాషిక పదం ఒకటి బడికి వెళ్ళనివాళ్ళ నోట కూడా అవమానానికి పేరుగా స్థిరపడిందంటే, ఈ తేడా మనల్ని ఎంత లోతుగా తాకుతుందో అర్థమవుతుంది.

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు 1960లో ఐరోపా భాషల్లోని ఇటువంటి సర్వనామాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. అందులో వాళ్ళు చూపిన తేడా మన సమస్యకూ సరిగ్గా పనికొస్తుంది. ఇద్దరూ పరస్పరం ‘నువ్వు’ అనుకుంటే అది చనువు. ఇద్దరూ ‘మీరు’ అనుకుంటే అది మర్యాద. ఒకరు ‘మీరు’ అంటుంటే రెండోవారు ‘నువ్వు’ అని బదులిస్తే అక్కడ కనిపించేది అధికారం. కాబట్టి ఏ మాట వాడుతున్నామన్నదానికంటే, అదే మాట వాళ్ళు మనల్ని అనగలరా అన్నది చూడాలి. మీ ఇంట్లో పనిచేసే ఆమె మిమ్మల్ని కూడా ‘ఏమక్కా, తిన్నావా?’ అనగలిగితే, మీరు ఆమెను ‘తిన్నావా?’ అనడంలో దోషం లేదు. ఆమె ‘తిన్నారా అమ్మా?’ అంటూ ఉంటే మీ ‘తిన్నావా?’కు అర్థం మారిపోతుంది.

ఇక మీరు అడిగిన పలకరింపు. మన భాషలో మనిషి ఊసెత్తకుండానే మనిషిని పలకరించే వాక్యాలు చాలా ఉన్నాయి. ‘భోజనం అయిందా?’ అన్నప్పుడు ‘అయింది’ అనే క్రియ భోజనాన్ని బట్టి వచ్చింది, తిన్న మనిషిని బట్టి కాదు. ‘ఒంట్లో ఎలా ఉంది?’, ‘డ్యూటీ అయిపోయిందా?’, ‘మంచినీళ్ళు కావాలా?’ అన్నవీ అంతే. వీటిలో ‘వు’ లేదు, ‘రు’ లేదు, తేల్చుకోవలసిన చిక్కూ లేదు. దీనికి ‘అండి’ చేర్చితే సరిపోతుంది: ‘భోజనం అయిందాండీ?’ చుట్టరికం, వయసు, కులం, హోదా ఏదీ తెలియనక్కర లేకుండా గౌరవాన్ని అందించే మాట మనకు ‘అండి’ ఒక్కటే. రాత్రి కాపలా పెద్దాయనతో రేపే ఈ వాక్యంతో మొదలుపెట్టండి.

అయితే ఈ సదుపాయం మొదటి వాక్యం వరకే. ఆయన ‘అయిందమ్మా’ అన్నాక మాట కొనసాగితే క్రియను ఎన్నుకోక తప్పదు. అక్కడ మీకంటే పెద్దవాడు గనుక ‘మీరు’ అనండి. ఇంకో ఆలోచన అవసరం లేదు.

డెలివరీ తెచ్చేవాళ్ళ విషయం వేరు. అర నిమిషం మాటకు భోజనం గురించి అడిగితే అసహజంగా ఉంటుంది. అక్కడ తేడా అంతా ఫోనులోనే బయటపడుతుంది. మాగుంట లేఅవుట్‌కు వచ్చిన ఒకతను ‘మేడం, డెలివరీ అండి. ఎటు రావాలి?’ అని అడిగాడనుకోండి. మామూలుగా వెళ్ళే జవాబు ఇది: ‘ఎక్కడున్నావు? నేరుగా వచ్చి ఎడమకు తిరుగు. గేటు దగ్గర పెట్టి వెళ్ళు.’ కోపం లేదు, తిట్టు లేదు. అయినా ఆ చిన్న మాటలో ఏకవచనం మూడుసార్లు వచ్చింది: ‘ఉన్నావు’, ‘తిరుగు’, ‘వెళ్ళు’. అతని మాటలో ‘మేడం’ ఉంది, ‘అండి’ ఉంది. ఆ మూడు చోట్లా చివరలు మార్చి చూడండి: ‘ఎక్కడున్నారు? నేరుగా వచ్చి ఎడమకు తిరగండి. గేటు దగ్గర పెట్టి వెళ్ళండి.’ సమయం ఏమీ పెరగలేదు. ‘తిరగండి’ అనడానికి నాలుక ఇంకా అలవాటుపడకపోతే ‘ఆలి’తో చెప్పవచ్చు: ‘నేరుగా వచ్చి ఎడమకు తిరగాలండీ.’ ‘నేను రావాలి, నువ్వు రావాలి, మీరు రావాలి’ అన్నప్పుడు క్రియ మారదు కదా. అతను ‘ఎటు రావాలి?’ అని అడిగిన పద్ధతిలోనే మన జవాబూ ఉంటుంది.

వస్తువు అందుకున్నాక ‘ధన్యవాదాలు’ అంటే సభలో మాట్లాడినట్టు అనిపిస్తే ‘మంచిదండీ’ అనండి. మన పెద్దలు అటువంటి చోట వాడిన మాట అదే. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు మూడంతస్తులు ఎక్కి వచ్చిన మనిషికైతే ‘మంచినీళ్ళు కావాలాండీ?’ అన్నది పలకరింపుగా కూడా నిలుస్తుంది. నీళ్ళు నిజంగా ఇవ్వాలి మరి.

చుట్టరికపు పిలుపుల గురించి కొంచెం జాగ్రత్త చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళను ‘అన్నా’ అనడం సహజం, అందం కూడా. కానీ చాలామంది ‘అన్నా’ అన్నందువల్ల క్రియకు మినహాయింపు దొరికిందనుకుంటారు. ‘అన్నా, ఇది పైకి తీసుకురా’ అన్న వాక్యంలో పిలుపు ఒక మెట్టు ఎక్కితే క్రియ రెండు మెట్లు దిగింది. ‘అన్నా, పైకి తెస్తారా?’ అన్నప్పుడే ఆ అన్న నిజమైన అన్న. ‘బాబూ’, ‘అబ్బాయ్’ అనేవి మీకంటే స్పష్టంగా చిన్నవాళ్ళకే. నలభై దాటిన మనిషిని, అతను చేసే పనికి ‘బాయ్’ అన్న పేరు అంటుకుంది గదా అని, అబ్బాయిగా పిలవకూడదు.

అన్నిటికంటే మంచి పిలుపు పేరే. వెంకటగిరి, రాపూరు వైపు నుంచి నెల్లూరుకు పనికి వచ్చేవాళ్ళలో పెంచలయ్య, పెంచలమ్మ అన్న పేర్లు తరచుగా వింటాం. పెంచలకోన నరసింహస్వామి పేరు అది. ఇలాంటి పేర్లలో అయ్య, అమ్మ అనే గౌరవం ముందే ఉంది. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే, ఆ అయ్యనూ అమ్మనూ కోసేసి ‘పెంచలా!’ అని కేకేస్తాం. పేరును పూర్తిగా పలకండి. పెద్దవాళ్ళయితే ‘గారు’ చేర్చండి. ‘డాక్టరు గారూ’, ‘కండక్టరు గారూ’ అన్నప్పుడు వృత్తితో పిలిచినా తక్కువ కాదు, ఎందుకంటే వెనక గారు ఉంది. ‘వాచ్‌మన్!’ అన్న కేక వెనక ఏమీ లేదు.

వాళ్ళు లేనప్పుడు వాడే మాట కూడా ఇందులో భాగమే, ఎందుకంటే తలుపు బయట నిలబడినవాళ్ళకు అది వినిపిస్తూనే ఉంటుంది. లోపలి నుంచి ‘డెలివరీ వాడొచ్చాడు’ అనే బదులు ‘డెలివరీ ఆయన వచ్చారు’ అనవచ్చు. పాలు పోసే మనిషిని పాలాయన అని మనం ఎప్పటి నుంచో అంటున్నాం. ఇంట్లో పనిచేసే స్త్రీ గురించి ‘వచ్చింది’ అనడం తప్పా అని కొందరు అడుగుతుంటారు. తప్పు కాదు. తెలుగులో స్త్రీవాచకం ఏకవచనంలో ఉంటే ఆ క్రియే వస్తుంది, ‘అమ్మ వచ్చింది’ అనే అంటాం. తప్పు ‘అది’ అన్న సర్వనామంలో ఉంది, ‘పనిది’ అన్న మాటలో ఉంది. ‘ఆమె వచ్చింది’ చాలు, ‘ఆమె వచ్చారు’ ఇంకా మేలు.

‘మీరు’ అంటే వాళ్ళే ఇబ్బంది పడుతున్నారని రాశారు. ఆ ఇబ్బంది రెండు రకాలు. ‘అయ్యో, నన్ను మీరు అనకండమ్మా’ అని నవ్వుతూ అంటే అది అలవాటు లేకపోవడం. కొన్నాళ్ళు మానకుండా అంటే పోతుంది. ‘నువ్వనే పిలవండి, అప్పుడే మా ఇంటి మనిషిలా ఉంటుంది’ అంటే ఆమె చనువు కోరుతోంది. అప్పుడు మీరూ ఒకటి కోరండి: ‘అయితే నువ్వూ నన్ను నువ్వనే పిలువు, అక్కా అను.’ ఆమె ఒప్పుకోలేకపోతే, మీ వైపు నుంచి ‘మీరు’ను వదలకండి.

చివరిగా, మీ అపార్టుమెంటు పిల్లలను ఒకసారి గమనించండి. పదేళ్ళ పిల్లవాడు కాపలా పెద్దాయనతో ‘గేటు తియ్యి’ అంటాడు, ఆయన వాడితో ‘రండి బాబూ’ అంటాడు. వయసును బట్టి రావలసిన మర్యాద ఇక్కడ తలకిందులైంది. వాడికి ‘తియ్యండి’ నేర్పడం సగం పని. మిగతా సగం ఆ పెద్దాయనతో ఉంది. ‘మా వాడిని పేరు పెట్టి, నువ్వు అనే పిలవండి’ అని మీరే ఆయనకు చెప్పాలి, అది కూడా పిల్లవాడి ఎదుటే.