పర్సనల్ లోన్ ముందే కట్టేస్తే 4 శాతం దేని మీద?

ప్రశ్న: సార్, నేను హన్మకొండలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. చెల్లె పెళ్లికి 2024 నవంబరులో ఒక ఫైనాన్స్ కంపెనీల 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్న. 14 శాతం వడ్డీ, 48 కిస్తీలు. 12 కట్టిన. ఇప్పుడు చిట్టీ పైసలు వచ్చినయ్, మొత్తం కట్టేద్దామనుకుంటే బ్రాంచిల 5 లక్షల మీద 4 శాతం, జీఎస్‌టీ కలిపి 23,600 అదనంగ కట్టాలంటున్నరు. నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగితే 'మెసేజ్ వస్తది, చాలు' అంటున్నరు. కట్టాల్నా?

జవాబు: ఛార్జీ కట్టాల్సి రావచ్చు గానీ, వాళ్లు చెప్పే లెక్కకు తల ఊపకండి. ముందుగా లోన్ ఇచ్చినప్పుడు వడ్డీ, ఛార్జీలు రాసి సంతకం పెట్టించుకున్న 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' తీయండి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ప్రతి రిటైల్ టర్మ్ లోన్‌కూ ఇది ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. మీ లోన్ ఆ తర్వాతది. అందులో రాయని ఛార్జీని మీ స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయడానికి వీల్లేదు.

అందులో రెండు సంగతులు చూడండి. ఒకటి, వడ్డీ చివరిదాకా మారని ఫిక్స్‌డా, మధ్యలో మారే ఫ్లోటింగా. సొంత అవసరానికి వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ లోన్ మీద ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదు; బ్యాంకులకైనా, ఫైనాన్స్ కంపెనీలకైనా 2014 నుంచి ఇదే నిబంధన. కానీ పర్సనల్ లోన్లు చాలావరకు ఫిక్స్‌డే, మీదీ అదే అయి ఉంటుంది. రెండోది, ఆ 4 శాతం దేని మీద అని రాశారో. 'మిగిలిన అసలు మీద' అని ఉంటే 5 లక్షల మీద లెక్క కట్టడం కుదరదు. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లోన్లకు, ముందుగా కట్టే మొత్తం మీదే ఛార్జీ ఉండాలని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. మీ లోన్ అంతకు ముందుది కాబట్టి మీకు ఆధారం మీ కాగితమే.

మీ లెక్క చూద్దాం. కిస్తీ సుమారు 13,663. పన్నెండు కట్టాక అసలు సుమారు 3,99,800 మిగిలి ఉంటుంది. దాని మీద 4 శాతం 15,990, జీఎస్‌టీ 18 శాతం కలిపితే 18,870 దాకా. మిగిలిన 36 కిస్తీల్లో వడ్డీ వాటా 92 వేల పైచిలుకు. అంటే ఛార్జీ పోను మీకు 73 వేల దాకా మిగులుతుంది, కట్టేయడమే మేలు. ఇదే లోన్‌లో ఆరు కిస్తీలే మిగిలి ఉంటే కథ వేరు: మిగిలే వడ్డీ సుమారు 3,250, ఛార్జీ 3,700. అప్పుడు కిస్తీలు నడవనివ్వడమే లాభం.

కట్టే పద్ధతి దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. డబ్బు లోన్ ఖాతాలో వేసినంత మాత్రాన లోన్ మూసుకోదు. రాతపూర్వకంగా అడగకపోతే దాన్ని అడ్వాన్సు కిస్తీలుగా పెట్టుకునే అవకాశం ఉంది. అందుకే లోన్ ముందే మూసేయడానికి, అంటే ఫోర్‌క్లోజర్‌కు, లెటర్ ఇచ్చి, నకలు మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి, లేదా ఈమెయిల్ పంపండి. వాళ్లిచ్చే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో మిగిలిన అసలు, చివరి కిస్తీ నుంచి కట్టే రోజు దాకా వడ్డీ, ఛార్జీ, జీఎస్‌టీ వేర్వేరుగా ఉండాలి. ఏ తేదీ దాకా ఆ మొత్తం చెల్లుతుందో చూసుకుని, ఆ లోపే రూపాయి తక్కువ కాకుండా కట్టండి. రెండు మూడు వందలు మిగిలిపోయినా ఖాతా తెరిచే ఉంటుంది, దాని మీద లేటు ఫీజు పెరుగుతుంది. డబ్బు ఏజెంటు చేతికో, ఏజెంటు ఫోన్‌పే నంబరుకో ఇవ్వకండి. కిస్తీ తేదీకి రెండు మూడు రోజుల ముందు కట్టకపోవడం మంచిది. ఆ నెల కిస్తీ అప్పటికే మీ బ్యాంకుకు వెళ్లిపోయి ఉంటే రెండుసార్లు పోతుంది.

మెసేజ్ నో డ్యూస్ సర్టిఫికెట్ కాదు. మీ పేరు, లోన్ నంబరు, మూసిన తేదీ, బాకీ ఏమీ లేదన్న మాట కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఫోర్‌క్లోజర్ లెటర్‌లోనే ఈ సర్టిఫికెట్, మీరిచ్చిన సెక్యూరిటీ చెక్కులు, కిస్తీ ఆటోడెబిట్ రద్దు, మూడూ అడగండి. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టి ఉంటే, మిగిలిన కాలానికి ప్రీమియం ఎంత తిరిగి వస్తుందో కూడా అడగండి. ఇది వాళ్లంతట వాళ్లు చెప్పడం అరుదు.

నెలన్నర తర్వాత సిబిల్ రిపోర్టు తీయండి. ఏడాదికి ఒకటి ఉచితం. అక్కడ 'క్లోజ్డ్', బాకీ సున్నా అని ఉండాలి. 'సెటిల్డ్' అని ఉంటే అప్పు తగ్గించి రాజీ కుదిర్చినట్టు అర్థం, రేపు ఇంటి లోన్‌కు అడ్డం పడుతుంది. మీరు పూర్తిగా కట్టారు కాబట్టి సవరించమని సిబిల్‌కూ, కంపెనీకీ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.

ఛార్జీ తగ్గించకపోయినా, సర్టిఫికెట్ ఇవ్వకపోయినా ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజులు జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు; ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. అదీ కాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్లలోపు వేయాలి. ఎక్కువ అడిగిన ఛార్జీని ఇప్పుడు కట్టక తప్పకపోతే, 'అభ్యంతరంతో కడుతున్నాను' అని ఆ రోజే ఈమెయిల్ పంపి కట్టండి. తర్వాత తిరిగి అడగడానికి అదే మీ చేతిలో ఉండే కాగితం.