టెక్ సందేహాలు: ఆప్టిమైజ్ నొక్కగానే బ్యూటేన్ ఎందుకు తిరిగిపోతోంది?

ప్రశ్న: రికార్డులో బ్యూటేన్‌కు మధ్య బంధం వెంట చూసినట్టు గీసే న్యూమన్ బొమ్మలు ఆరు వేసి, శక్తి క్రమం రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో అణువును మౌస్‌తో తిప్పి 0, 60, 120, 180 డిగ్రీల దగ్గర పెట్టి ఆప్టిమైజ్ నొక్కాను. 0కీ 60కీ ఒకే శక్తి వచ్చింది, 120కీ 180కీ ఒకే శక్తి వచ్చింది. తప్పు ఎక్కడుంది? ఇంకో సంగతి. స్నేహితురాలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పూర్తి వెర్షన్ ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఏటా పరీక్షల ముందు ఇదే ఫిర్యాదు వస్తుంది. మీ అణువులో తప్పేమీ లేదు. మీరు నొక్కిన బటన్ పనే అది. ఆప్టిమైజ్ అంటే ఉన్నచోటు నుంచి దగ్గరలోని పల్లానికి దిగడం. ముందు బంధాల చాటునే వెనక బంధాలు పడే ఎక్లిప్స్‌డ్ రూపాలు గుట్ట శిఖరాలు, సందుల్లో పడే స్టాగర్డ్ రూపాలు లోయలు. శిఖరం మీద గోళీ పెట్టి వదిలితే ఏదో ఒక పక్కకి దొర్లుతుంది కదా.

0 డిగ్రీల దగ్గర పెట్టినది పక్కనే ఉన్న గాష్ లోయలోకి, అంటే చివరి CH₃లు రెండూ ఇరుగుపొరుగున ఉండే స్టాగర్డ్ రూపంలోకి జారి 65 డిగ్రీల దగ్గర ఆగింది. ఆ CH₃లు ఎదురెదురు దిక్కుల్లో ఉండే యాంటీ దాకా వెళ్లలేదు, ఎందుకంటే మధ్యలో 120 దగ్గర మరో గుట్ట అడ్డం ఉంది. 120 దగ్గర పెట్టినది గాష్ వైపైనా, యాంటీ వైపైనా దొర్లవచ్చు. మీకు యాంటీ వైపు దొర్లింది. అంటే పట్టికలో మీరు ఎక్లిప్స్‌డ్ అని రాసుకున్న అంకెలు రెండూ స్టాగర్డ్ రూపాలవే.

ఇందులో ఇంకో మాయ ఉంది. మౌస్‌తో కాకుండా సరిగ్గా 0 అని టైప్ చేసి ఉంటే అణువు అక్కడే నిలబడి ఉండేది. ఆ స్థానంలో రెండు పక్కలూ సమానం కాబట్టి ఎటు తిరగాలో చెప్పే బలం సున్నా అవుతుంది. అది చూసి "0 డిగ్రీల రూపం కూడా స్థిరమే" అని రాసేస్తారు. ఒక్క డిగ్రీ పక్కకు జరిపి మళ్లీ నొక్కితే సంగతి బయటపడుతుంది.

చేయవలసినది ఇది. C1, C2, C3, C4 కార్బన్‌లను ఆ వరుసలోనే ఎంచుకుని, మధ్య బంధం చుట్టూ తిప్పిన కోణాన్ని, అంటే డైహెడ్రల్‌ను, అంకెతో టైప్ చేయండి. ఆ కోణానికి తాళం వేసే ఆప్షన్ 'కన్‌స్ట్రెయింట్' పేరుతో ఉంటుంది, అది పెట్టి అప్పుడు ఆప్టిమైజ్ నొక్కండి. మిగతా బంధాలూ కోణాలూ సర్దుకుంటాయి, తిప్పిన కోణం మాత్రం కదలదు. అయ్యాక కోణాన్ని మళ్లీ కొలవండి. మారి ఉంటే ఆ శక్తి మీ బొమ్మది కాదు.

చాలామంది C1కి బదులు C2 మీది హైడ్రోజన్‌ను ఎంచుకుంటారు. అప్పుడు 180 అని టైప్ చేస్తే వచ్చేది గాష్. దీన్ని పట్టుకోవడం సులువు, C1కీ C4కీ మధ్య దూరం కొలవండి. యాంటీలో సుమారు 3.9 ఆంగ్‌స్ట్రామ్‌లు, గాష్‌లో 3.1 ఉంటుంది. 0 డిగ్రీల రూపంలో ఇంకా తక్కువ.

బొమ్మకు గడియారం ముఖం చాలు. ముందు కార్బన్ అంటే మూడు గీతలు కలిసే మధ్య బిందువు, వెనక కార్బన్ అంటే వలయం. వెనక గీతలు వలయం అంచు నుంచే మొదలవ్వాలి, మధ్య నుంచి కాదు. ముందు CH₃ను 12 దగ్గర, రెండు Hలను 4, 8 దగ్గర పెట్టి ఇక కదపకండి. వెనక దాన్ని మాత్రమే తిప్పండి, 60 డిగ్రీలంటే రెండు గంటలు. వెనక CH₃ 2 దగ్గరున్నా 10 దగ్గరున్నా గాష్, 6 దగ్గర యాంటీ. 4 దగ్గర, 8 దగ్గర ఎక్లిప్స్‌డ్. 12 దగ్గర పూర్తి ఎక్లిప్స్‌డ్. ఎక్లిప్స్‌డ్ బొమ్మల్లో వెనక గీతలు ముందు గీతల చాటున పడిపోతాయి కాబట్టి కంటికి కనబడేటట్టు పది డిగ్రీలు పక్కకు జరిపి గీస్తారు. అది చూపు కోసమే, కోణం 0 అనో 120 అనో రాయాలి. తెర మీది బొమ్మనే అతికించాలనుకుంటే హైడ్రోజన్‌లు దాగి ఉన్నాయేమో చూసుకోండి, పర్‌స్పెక్టివ్‌కు బదులు ఆర్థోగ్రాఫిక్ చూపు పెట్టండి.

క్రమం బట్టీ పట్టక్కరలేదు, కూడికతో వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో H మీద H పడితే 4, H మీద CH₃ పడితే 6, CH₃ మీద CH₃ పడితే 11 కిలోజౌల్/మోల్ అని లెక్క. వెనక CH₃ 4 దగ్గరున్న బొమ్మ తీసుకోండి. 12 దగ్గర CH₃ వెనక H ఉంది, 6. 4 దగ్గర H వెనక CH₃ ఉంది, మరో 6. 8 దగ్గర H వెనక H, 4. మొత్తం 16. 0 డిగ్రీల బొమ్మలో 11, 4, 4 కలిపి 19. గాష్‌లో ఏదీ దేని మీదా పడదు, అయినా రెండు CH₃లు ఇరుగుపొరుగున ఒరుసుకుంటాయి కాబట్టి 3.8. స్టాగర్డ్ అయితే చాలు శక్తి సున్నా అని రాసేవాళ్లు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. యాంటీ 0, గాష్ 3.8, ఎక్లిప్స్‌డ్ 16, పూర్తి ఎక్లిప్స్‌డ్ 19, ఇదీ వరుస.

సాఫ్ట్‌వేర్ చూపే అంకెలు నేరుగా ఇలా ఉండవు. ప్రతి దాని నుంచి యాంటీ శక్తిని తీసివేయాలి. కిలోక్యాలరీల్లో చూపిస్తే 4.184తో గుణించాలి. అలా చేశాక కూడా పూర్తి ఎక్లిప్స్‌డ్‌కు 19 కాక 23 దగ్గర రావచ్చు. పుస్తకంలోని కూడిక ఉజ్జాయింపు కాబట్టి కంగారు పడకండి, వరుస మారదు. ఫైల్‌ను ప్రతి పరమాణువు స్థానాన్నీ రాసిపెట్టే `.xyz`గా దాచండి. అణువును అక్షరాల వరుసగా రాసే SMILESగా దాచితే ఆరు బొమ్మలకూ మిగిలేది ఇదే:

```
CCCC
```

అందులో కోణం ఉండదు.

నాకు కోపం తెప్పించేది అడగకుండా 'సర్దే' సాఫ్ట్‌వేర్‌లే. ఫైల్ తెరవగానే 3డి క్లీనప్ దానంతట అదే నడిచి, కోణం మారిందన్న ఒక్క ముక్క కూడా తెర మీద పడకపోవడం డిజైన్ లోపం. స్ప్రెడ్‌షీట్లూ అంతే. జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంటే భరించలేక, శాస్త్రవేత్తలు ఆ పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. SEPT1 ఇప్పుడు SEPTIN1. మనిషి టైప్ చేసినదాన్ని మార్చే ముందు అడగాలి, మార్చాక చెప్పాలి.

ఇక పెన్‌డ్రైవ్. ఆపవద్దు. ఈ మొత్తం ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. లైసెన్స్ తాళం విరగ్గొట్టిన సెటప్ యాంటీవైరస్ ఆపమని అడిగేది, అందులో ఉన్నదాన్ని అది పట్టుకుంటుంది కాబట్టే. ఇలాంటి వాటిలో తరచుగా వచ్చేవి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ కుకీలనూ ఎత్తుకుపోయే దొంగ ప్రోగ్రామ్‌లు. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డ్, ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబ్‌లోని కంప్యూటర్‌లో పెడితే అక్కడ లాగిన్ అయిన వాళ్లందరి ఖాతాలకూ ముప్పే. బ్యూటేన్‌కు పూర్తి వెర్షన్ అవసరమే లేదు. డైహెడ్రల్‌కు తాళం వేసే సౌకర్యం అవొగాడ్రో వంటి ఉచిత ఓపెన్ సోర్స్ ఎడిటర్‌లలోనే ఉంది, వాటి సొంత సైట్ నుంచే దించుకోండి.

ఇప్పటికే నడిపి ఉంటే ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి విడదీయండి. వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకుది మార్చండి. మార్చి ఊరుకుంటే సరిపోదు, ఎత్తుకుపోయిన కుకీ ఇంకా పనిచేస్తూ ఉండవచ్చు. ఖాతా సెట్టింగ్‌లలో అన్ని పరికరాల నుంచీ లాగ్ అవుట్ చేసే ఆప్షన్ నొక్కండి. ఆ తర్వాతే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి, విండోస్ మళ్లీ వేయించండి.