తాతయ్య మరణం గురించి నాలుగేళ్ల పాపకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నగారు గుండెపోటుతో పోయి పది రోజులైంది. దేవుడి దగ్గరకు వెళ్లారని పాపకు చెప్పాం. ఎప్పుడొస్తారని రోజూ అడుగుతుంది, అంతలోనే ఆడుకుంటుంది. ఏం చెప్పాలి?

జవాబు: “చనిపోయారు” అనే మాటనే వాడండి. నాలుగేళ్ల పిల్లకు “వెళ్లారు” అంటే ఊరెళ్లడమే, ఊరెళ్లినవారు తిరిగి వస్తారు కనుక ఆమె అడగడం సహజం. “నిద్రపోయారు” అన్నా పడుకోవడానికే భయపడవచ్చు. “తాతయ్య గుండె ఆగిపోయింది, డాక్టర్లు కూడా బాగుచేయలేకపోయారు, ఇక ఆయనకు ఆకలి, నొప్పి ఉండవు, మళ్లీ రారు” అని చెప్పండి. మీ దైవవిశ్వాసాన్ని ఆ తర్వాత చెప్పవచ్చు.

మరణం శాశ్వతమన్న అవగాహన సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య స్థిరపడుతుంది కాబట్టి, ఆమె ఎన్నిసార్లు అడిగినా అవే మాటలతో ఓపికగా జవాబివ్వండి. తన అల్లరి వల్లే ఇలా జరిగిందని ఈ వయసు పిల్లలు లోలోపల అనుకోవడం కద్దు. అడగకపోయినా, “నీ వల్ల కాదమ్మా” అని చెప్పండి.

పెద్దల దుఃఖం రోజంతా వెన్నంటి ఉంటే, పిల్లలది కాసేపు పొంగి ఆటలోకి జారిపోతుంది. బొమ్మకు అంత్యక్రియలు చేసినా ఆపకండి, జరిగినదాన్ని ఆమె అర్థం చేసుకునేది ఆ ఆటలోనే. కొన్నాళ్లు పక్క తడపడం, మిమ్మల్ని వదలకపోవడం మామూలే. అయితే తిండి, నిద్ర వారాల తరబడి దెబ్బతిన్నా, ఆటే మానేసినా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.