పోపు మాడినా ముక్కుకు తెలియట్లేదు.. వాసన మళ్లీ వస్తుందా?

నా వయసు 42. ఆరు వారాల క్రితం వైరల్ జ్వరం, జలుబు వచ్చాయి. అవి తగ్గినా వాసన, రుచి తిరిగి రాలేదు. పోపు మాడినా తెలియట్లేదు. టెన్షన్‌గా ఉంది. మందులేమైనా వాడాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

ముందు ఒక పని చేయండి. కళ్లు మూసుకుని నాలుక మీద కాస్త ఉప్పు, తర్వాత కాస్త చక్కెర వేసుకోండి. తేడా తెలిస్తే మీ నాలుక బాగానే ఉన్నట్టు. పప్పుచారుకు పప్పుచారు రుచి వచ్చేది చాలావరకు గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే వాసన వల్లే. అది ఆగితే అన్నీ చప్పగానే ఉంటాయి.

ముక్కు పైభాగంలో వాసన పట్టే నరకణాలుంటాయి. వైరస్ వాటి చుట్టూ ఉన్న కణాలను మాత్రమే దెబ్బతీస్తే రెండు, మూడు వారాల్లో వాసన తిరిగొస్తుంది. ఎక్కువ మందికి జరిగేది ఇదే. నరకణాలే దెబ్బతింటే కొత్తవి పుట్టి మెదడుతో కలవాలి. దానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. మీకు ఆరు వారాలు దాటింది కాబట్టి ఇక ఊరికే ఎదురుచూడకుండా ముక్కుకు వాసనల సాధన మొదలుపెట్టండి.

నాలుగు చిన్న సీసాల్లో లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ రేకులు, దూదిపై రెండు చుక్కల నీలగిరి తైలం విడివిడిగా పెట్టుకోండి. ఉదయం, రాత్రి ఒక్కో సీసాను 20 సెకన్లు మెల్లగా వాసన చూడండి. మధ్యలో అర నిమిషం ఆగండి. సీసాను వాసన చూస్తున్నప్పుడు ఆ వాసన ఇంతకుముందు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. వాసన తగ్గినవాటిని మార్చుతూ ఉండండి. కనీసం మూడు నెలలు చేయాలి. చాలామంది రెండో వారానికే ఏమీ తెలియట్లేదని మానేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు మూడో నెలలో ఉల్లిపాయ వేగుతుంటే కుళ్లిన వాసన వచ్చేది. కాఫీ నోట్లో పెట్టలేకపోయేవారు. జబ్బు ముదిరిందని ఏడ్చారు. నిజానికి కొత్త నరాలు ఇంకా సరిగా కుదురుకోనప్పుడు ఇలా జరుగుతుంది. చాలామందిలో ఇది కోలుకుంటున్న గుర్తే. వేపుళ్లు, వెల్లుల్లి కొన్నాళ్లు పక్కనపెట్టి, పెరుగన్నం లాంటివి చల్లగా తినమన్నాను. బరువు తగ్గకుండా నిలబడ్డారు. వాసన మెల్లగా సర్దుకుంది.

జింక్ మాత్రలతో వాసన వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా అసలు వాడొద్దు. ముక్కుదిబ్బడ తగ్గించే చుక్కల మందు వారం మించి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.

ఒకవైపు ముక్కే మూసుకుపోవడం, రక్తం రావడం, తలకు దెబ్బ తగిలాక లేదా జలుబే లేకుండా వాసన పోవడం, చూపు మసకబారడం, తగ్గని తలనొప్పి.. వీటిలో ఏది ఉన్నా ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఇవేవీ లేకపోయినా ఒకసారి ఎండోస్కోపీతో ముక్కు లోపల చూపించుకుంటే మంచిది. పాలిప్స్ అనే మెత్తటి కండలు, సైనస్ వాపు ఉంటే వాటికి వేరే చికిత్స ఉంది.

ఇంకో మాట. గ్యాస్ లీకైనా మీకు తెలియదు. వంటగదిలో గ్యాస్ డిటెక్టర్ పెట్టించండి, రాత్రి రెగ్యులేటర్ ఆపేయండి. నిన్నటి కూర పాడైందో లేదో ఇంట్లో మరొకరిని వాసన చూడమనండి.