పదిహేను లక్షల ఆఫర్, ఆడిట్ ఆఫీసు కొలువు: ఏది వదలాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. హైదరాబాద్‌లో కేంద్ర ఆడిట్ శాఖలో సీనియర్ ఆడిటర్‌ని, బేసిక్ 36,500. చేరి ఐదేళ్ళయింది. పని విసుగొచ్చి రాత్రిళ్ళు డేటా అనలిటిక్స్ నేర్చుకున్నా. ఇప్పుడొక ప్రైవేటు కంపెనీ ఏడాదికి 15 లక్షలు ఇస్తానంటోంది. అమ్మానాన్న మాతోనే ఉంటారు, ఇద్దరికీ షుగర్, బీపీ. మూడేళ్ళ పాప, నా భార్య ఉద్యోగం చేయదు, ఇంటి లోను కిస్తీ 21 వేలు. సర్కారు కొలువు వదులుతానంటే నాన్న మాట్లాడటం మానేశాడు. మా మామయ్య అయితే "ఆ కొలువు చూసే పిల్లనిచ్చాం" అన్నాడు. వెళ్ళకపోతే జీవితమంతా ఈ ఫైళ్ళేనా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 15 లక్షల సంగతి తేలుద్దాం. ఇంట్లో గొడవ ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది, కానీ అదంతా మీ చేతికి రాదు.

ఆఫర్ లెటర్‌తో పాటు ఇచ్చే జీతం పట్టిక అడిగి తీసుకోండి. సాధారణంగా ఇలా ఉంటుంది: పదో వంతు, అంటే లక్షన్నర, వేరియబుల్ పే. అది కంపెనీ లాభాన్నీ మీ రేటింగ్‌నూ బట్టి ఏడాది చివర వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. బేసిక్ ఆరున్నర లక్షలనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 78 వేలు, గ్రాట్యుటీ పేరుతో సుమారు 31 వేలు, గ్రూపు ఇన్సూరెన్స్‌కి ఓ 20 వేలు, ఇవన్నీ ఆ 15 లక్షల్లోనే కలిపి చూపిస్తారు. ఇవి తీసేస్తే మిగిలేది 12 లక్షల 20 వేలు. నెలకు లక్షా పదహారు వందలు. అందులోంచి మీ వంతు పీఎఫ్, వృత్తి పన్ను పోగా చేతికొచ్చేది 95 వేలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12 లక్షల లోపే ఉంటుంది కాబట్టి కొత్త పన్ను విధానంలో ఇంతవరకూ ఆదాయపు పన్ను పడదు. అయితే వేరియబుల్ పూర్తిగా వచ్చిందంటే ఆదాయం 12 లక్షల రిబేటు గీత దాటుతుంది, సుమారు 77 వేలు పన్ను పడుతుంది. లక్షన్నరలో మీకు మిగిలేది సగం కన్నా తక్కువన్నమాట. ఈ ముక్క హెచ్‌ఆర్ వాళ్ళు చెప్పరు.

ఇప్పుడు మీ జీతం. 36,500 బేసిక్, 2025 జూలై నుంచి అమలైన 58 శాతం చొప్పున డీఏ 21,170, హైదరాబాద్‌కి 30 శాతం ఇంటి అద్దె భత్యం 10,950, డీఏతో కలిపి రవాణా భత్యం 5,688. మొత్తం 74,300. పెన్షన్ కోసం ఎన్‌పీఎస్, వైద్యం కోసం సీజీహెచ్‌ఎస్, చిన్నాచితకా కట్టింగులు పోగా చేతికి 68 వేలకు కాస్త తక్కువ. పైన తేడా 27 వేలు.

ఈ 27 వేలలోంచి ఇంకా తీసేయాల్సినవున్నాయి. ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వం మీ పేరున బేసిక్, డీఏల మీద 14 శాతం వేస్తోంది, నెలకు ఎనిమిది వేల పైచిలుకు. కొత్త కంపెనీ పీఎఫ్ ఆరున్నర వేలు. పాప బడికి వెళితే ప్రభుత్వం ఇచ్చే చదువు భత్యం నెలకు దాదాపు 2,800, అదీ ఉండదు. అన్నిటికన్నా పెద్దది అమ్మానాన్నల వైద్యం. ఇప్పుడు నెలకు 450 రూపాయల కోతతో ఇంటిల్లిపాదికీ సీజీహెచ్‌ఎస్ నడుస్తోంది. షుగర్, బీపీ ఉన్న అరవై దాటిన దంపతులకు విడిగా పాలసీ తీసుకుంటే నెలకు ఐదు వేలయినా పక్కన పెట్టాలి. ఇవన్నీ తీస్తే నిజమైన తేడా 18 వేల దగ్గర తేలుతుంది. వేరియబుల్ పూర్తిగా వచ్చిన ఏడాది 24 వేలు.

ఆ డబ్బు తక్కువేం కాదు. కిస్తీలో చాలా భాగం దాంతోనే వెళ్ళిపోతుంది. కానీ దాని పక్కన ఇంకో లెక్క పెట్టండి. ప్రైవేటులో ఒక్కసారి ఉద్యోగం పోయి ఆరు నెలలు ఖాళీగా ఉన్నారనుకుందాం. ఇక్కడుండి ఉంటే వచ్చే జీతమే నాలుగు లక్షలు పోయినట్టు. నెలకు 20 వేల లాభాన్ని ఇరవై నెలలు కూడబెడితే గానీ ఆ గుంట పూడదు.

మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేని విషయం, మీ శాఖలోనే ప్రమోషన్ కోసం రాసే ఎస్‌ఏఎస్ పరీక్ష. అది పాసై, ఖాళీ వచ్చి అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ అయితే మీరు లెవెల్ 8లోకి వెళతారు, బేసిక్ 47,600 అవుతుంది. ఆ 58 శాతం డీఏతోనే మొత్తం 95 వేలు దాటుతుంది, చేతికి 86, 87 వేలు వస్తాయి. అమ్మానాన్నల వైద్యం మునుపటిలాగే నడుస్తుంది. అంటే ఆ కంపెనీ ఈ రోజు ఇస్తానంటున్న లాభాన్ని మీ శాఖే ఒక పరీక్షతో ఇవ్వగలదు. రాత్రిళ్ళు కూర్చుని అనలిటిక్స్ నేర్చుకున్నవారికి ఆ సిలబస్ అలవికానిదేం కాదు. ఇందులో చిక్కు లేకపోలేదు. పాసైనా ప్రమోషన్ ఖాళీలను బట్టే వస్తుంది. మీ ఆఫీసులో ముందు బ్యాచ్‌లో పాసైనవాళ్ళు ఎన్నాళ్ళు ఆగారో అడిగి తెలుసుకోండి. ఏడాదైతే ఒక మాట, నాలుగేళ్ళైతే మరో మాట. ఎనిమిదో వేతన సంఘం ఎంత పెంచుతుందన్న ఊహను మాత్రం లెక్కలో వేయకండి.

ప్రైవేటు వైపు బలం మొదటి జీతంలో ఉండదు, రెండో మూడో మార్పులో ఉంటుంది. పని బాగా పట్టుబడితే మూడేళ్ళకు కంపెనీ మారినప్పుడు జీతం ఒక్క గెంతు వేస్తుంది. ఇక్కడ ఏటా మూడు శాతం ఇంక్రిమెంటు, రెండుసార్లు డీఏ. పదేళ్ళ తర్వాత ఆ దారిలో నిలదొక్కుకున్నవాడి జీతం మీ అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ జీతానికి రెట్టింపైనా కావచ్చు. కాకపోతే ఆ పందెంలో మీరు 31లో, ఎంట్రీ స్థాయిలో దిగుతున్నారు. మీ పక్కన కూర్చునేవాళ్ళకు 24, 25 ఉంటాయి. ఇంట్లో నలుగురు మీ మీద ఆధారపడినవాళ్ళు వాళ్ళకు ఉండరు. ఆడిట్‌లో మీరు ఐదేళ్ళు చూసిన లెక్కలకు విలువిచ్చే పని, అంటే ఫైనాన్స్ డేటా, ఇంటర్నల్ ఆడిట్, మోసాల గుర్తింపు లాంటిది అయితే మీ అనుభవం లెక్కలోకి వస్తుంది. ఉత్త డ్యాష్‌బోర్డులు చేసే పనైతే ఆ ఐదేళ్ళూ సున్నా. మీ ఆఫర్ లెటర్‌లో ఏ పని రాసుందో మళ్ళీ చదవండి.

ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు. కొంతకాలం సెలవు పెట్టి ప్రైవేటులో చేసి చూద్దామంటే కుదరదు, సెలవులో ఉండగా అనుమతి లేకుండా వేరే ఉద్యోగం చేయడం నిబంధనలకు విరుద్ధం. సాయంత్రాలు ఫ్రీలాన్స్ చేసినా ప్రవర్తనా నియమావళి 15వ నిబంధన అడ్డొస్తుంది. వేరే ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్ళేవారికి పాత సర్వీసు కలుస్తుంది. ప్రైవేటు కంపెనీకి వెళ్ళేవారికి కలవదు, గ్రాట్యుటీ కూడా పోతుంది. వెళ్ళి రెండు నెలలకు నచ్చలేదని రాజీనామా వెనక్కి తీసుకుంటానంటే, ప్రైవేటు వాణిజ్య సంస్థలో చేరడానికి చేసిన రాజీనామాకు ఆ సౌకర్యం లేదు. మళ్ళీ కేంద్ర కొలువుల పరీక్ష రాద్దామంటే సీజీఎల్‌లో చాలా పోస్టులకు జనరల్ వయసు పరిమితి 30, కొన్నిటికి 32.

అందుకే ఈ ఆఫర్‌కి వద్దని నా మాట. నెలకు 18 వేల కోసం మూసుకుపోయే తలుపు ఇది. రెండు సందర్భాల్లో మాత్రం వెళ్ళమంటాను. ఒకటి, వేరియబుల్ కాకుండా ఖాయంగా ఇచ్చేదే 17, 18 లక్షలు ఉండి, పని మీ ఆడిట్ అనుభవానికి దగ్గరగా ఉంటే. రెండు, ఎస్‌ఏఎస్ రాసి చూశాక కూడా ఈ ఫైళ్ళ ముందు కూర్చోలేనని మీకు తేలిపోతే. ఆ రెండోదానికి జీతం లెక్క అడ్డు పెట్టను. ఇష్టంలేని పనిలో మరో ఇరవై తొమ్మిదేళ్ళు ఉండమని చెప్పడం తేలికే, ఉండేది మీరు.

నాన్నగారితో జీతం గురించి వాదించకండి. ఆయన భయం ఆసుపత్రి గురించి కావచ్చు. ఆ భయానికి సగం విరుగుడు మీరు రాజీనామా ఆలోచన పక్కన పెట్టినా చేయాల్సిన పనే: వాళ్ళిద్దరికీ ఇప్పుడే సొంత పాలసీ తీసుకోండి, షుగర్, బీపీ దాచకుండా రాయించండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకూ వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. సీజీహెచ్‌ఎస్ ఉండగానే ఆ గడువు నడిచిపోతే, మీరు మానేసే నాటికి చేతిలో పనికొచ్చే పాలసీ ఉంటుంది. కంపెనీ గ్రూపు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేర్చినా దాన్ని నమ్ముకోవద్దు, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది.

మామగారికి మీరు లెక్క చెప్పాల్సిన పనిలేదు, ఆ మాట మీ భార్య చెప్పనివ్వండి. ఆమెతో మాత్రం ఒక సాయంత్రం కాగితం మీద కూర్చోండి. కిస్తీ, సరుకులు, మందులు, ఫీజులు కలిపి నెలకు 55 వేలు అవుతున్నాయనుకోండి, తొమ్మిది నెలలకు ఐదు లక్షలు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. పీఎఫ్, ఎన్‌పీఎస్, ఆమె బంగారం ఆ లెక్కలోకి రావు. ఆ ఐదు లక్షలు లేకపోతే ఎంత మంచి ఆఫరైనా ఆగాల్సిందే.

వెళ్ళడమే ఖాయమైతే క్రమం ముఖ్యం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తయిందని కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చాకే రాజీనామా పెట్టండి, చేరే తేదీకి కనీసం 60 రోజులు అడగండి. విజిలెన్స్ క్లియరెన్స్, బకాయిల లెక్క తేలి ఆమోదం రావడానికి టైం పడుతుంది. ఆమోదం రాకముందే వెళ్ళి చేరిపోతే అది అనధికార గైర్హాజరు, రిలీవింగ్ లెటర్ రాదు. రాజీనామా చేస్తే మీ ఖాతాలోని సంపాదిత సెలవులో సగానికి, గరిష్ఠంగా 150 రోజులకు డబ్బిస్తారు. 90 రోజులు నిల్వ ఉంటే 45 రోజులకు సుమారు 86 వేలు, దరఖాస్తులో అడగడం మరవద్దు. ఎన్‌పీఎస్ మూసేయకండి. అదే ప్రాన్ నంబరుతో ప్రైవేటు విభాగంలోకి మార్చుకునే ఫారం ఉంది, కొత్త కంపెనీలో చేరగానే నింపి ఇవ్వండి.