టెక్ సందేహాలు: మూడు రేట్లకు కొన్న పంచదారకు కిలో సగటు ఖరీదు

ప్రశ్న: నేను చిల్లర దుకాణం నడుపుతున్నాను. పంచదారను మూడు దఫాలుగా కొన్నాను: 250 కిలోలు 40 రూపాయల చొప్పున, 100 కిలోలు 43 చొప్పున, 50 కిలోలు 46 చొప్పున. ఎక్సెల్‌లో రేట్ల కింద AVERAGE పెడితే 43 వచ్చింది. మా లెక్కలు చూసే ఆయన 41.50 అంటున్నారు. ఎవరిది సరైనది? షీట్‌లో ఏ ఫార్ములా పెట్టాలి?

జవాబు: మీ లెక్కలు చూసే ఆయన చెప్పినదే సరైనది. AVERAGE ఫార్ములా కూడా తన పని తాను సరిగ్గానే చేసింది, కాకపోతే మీకు కావలసిన పని అది కాదు. దానికి మీరు చూపించినవి 40, 43, 46 అనే మూడు అంకెలు మాత్రమే కాబట్టి, వాటిని కూడి మూడుతో భాగించింది. మొదటి రేటు వెనుక 250 కిలోలు ఉన్నాయనీ, చివరి రేటు వెనుక 50 కిలోలే ఉన్నాయనీ దానికి తెలిసే దారి లేదు. అందువల్ల అది మూడు రేట్లనూ సమానంగా లెక్కలోకి తీసుకుంది. మీ సరుకులో సగానికి మించి 40 రూపాయలకే వచ్చినప్పుడు, నిజమైన సగటు 40 వైపే మొగ్గాలి.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఒక సూటి పరీక్ష ఉంది. సగటు ఏదైనా సరే, దాన్ని మొత్తం కిలోలతో గుణిస్తే మీరు నిజంగా చెల్లించిన డబ్బు తిరిగి రావాలి. మొదటి దఫాకు 10,000, రెండవ దఫాకు 4,300, మూడవ దఫాకు 2,300, అన్నీ కలిపి 16,600 రూపాయలు మీ చేతి నుంచి వెళ్లాయి. కిలోకు 43 అనుకుంటే 400 కిలోలకు 17,200 అవుతుంది. అంటే మీరు ఖర్చు చేయని 600 రూపాయలు లెక్కలోకి వచ్చి చేరినట్టు. 41.50 అనుకుంటే సరిగ్గా 16,600 వస్తుంది.

దఫాలన్నీ సమానమైన కిలోలతో ఉంటే AVERAGE కూడా సరైన జవాబే ఇస్తుంది. ఎప్పుడూ ఒకే పరిమాణంలో సరుకు తెప్పించేవారికి ఈ పొరపాటు ఏళ్ల తరబడి కనబడకుండా ఉండిపోవడానికి కారణం ఇదే. పరిమాణం మారిన మొదటి రోజే అది బయటపడుతుంది.

ఇక షీట్ విషయానికి వద్దాం. A నిలువు వరుసలో కిలోలు, B నిలువు వరుసలో కిలో రేటు ఉన్నాయనుకుందాం. మొదటి అడ్డు వరుసలో శీర్షికలు, రెండు నుంచి నాలుగు వరకు మూడు దఫాలు ఉంటాయి. అప్పుడు ఖాళీ గడిలో ఈ ఫార్ములా పెట్టండి:

```
=SUMPRODUCT(A2:A4,B2:B4)/SUM(A2:A4)
```

ఇందులో పైభాగం ప్రతి దఫా కిలోలను ఆ దఫా రేటుతో గుణించి, వచ్చిన మొత్తాలన్నిటినీ కూడుతుంది. కింది భాగం మొత్తం కిలోలను కూడుతుంది. 16,600ను 400తో భాగిస్తే 41.50. గూగుల్ షీట్స్‌లోనూ ఇదే ఫార్ములా పనిచేస్తుంది. అక్కడ AVERAGE.WEIGHTED అనే సిద్ధమైన ఫార్ములా కూడా ఉంది. అయినా నేను పై రూపాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే జవాబు మీద అనుమానం వచ్చినప్పుడు పైభాగాన్ని ఒక గడిలో, కింది భాగాన్ని మరో గడిలో విడివిడిగా పెట్టి, చెల్లించిన డబ్బుతోనూ గోదాములోకి వచ్చిన కిలోలతోనూ సరిచూసుకోవచ్చు.

ఫార్ములా సరైనదే అయినా జవాబు తప్పుగా వచ్చే సందర్భం ఒకటి ఉంది. దుకాణాల షీట్లలో తేలికగా జరిగే పొరపాటు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. కిలోల గడిలో చాలామంది 250 అని కాకుండా "250 కిలోలు" అని టైపు చేస్తారు. మనిషి కంటికి రెండూ ఒకటే, కానీ ఎక్సెల్‌కు రెండవది అంకె కాదు, అక్షరాల వరుస. SUMPRODUCT అలాంటి గడిని సున్నాగా తీసుకుంటుంది, SUM దాన్ని వదిలేస్తుంది, రెండింటిలో ఏదీ తప్పు జరిగిందని చెప్పదు. మీ మొదటి దఫా ఇలా నమోదైందనుకోండి. అప్పుడు పైభాగంలో 6,600, కింది భాగంలో 150 మాత్రమే మిగిలి, సగటు 44గా వస్తుంది. అది 40కీ 46కీ మధ్యనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. 250 కిలోల సరుకు లెక్కలోంచి మాయమైనా, చూడటానికి నమ్మదగిన సంఖ్యే ఎదురుగా కనిపిస్తుంది. ఈ తరహా పొరపాట్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం.

అదే అక్షరాలు రేటు గడిలో చేరితే ఫలితం వేరుగా ఉంటుంది. రెండవ దఫా రేటును "43 రూ" అని రాశారనుకుంటే, ఆ దఫా డబ్బు సున్నా అవుతుంది కానీ దాని 100 కిలోలు మాత్రం భాగించే సంఖ్యలో అలాగే ఉంటాయి. అప్పుడు 12,300ను 400తో భాగించగా 30.75 వస్తుంది. రేటు గడిని నింపకుండా ఖాళీగా వదిలేసినా ఇదే జరుగుతుంది. అయితే మీరు కొన్న అతి తక్కువ రేటే 40 అయినప్పుడు సగటు అంతకంటే కిందికి పోవడం అసాధ్యం కాబట్టి, ఈ పొరపాటు తనంతట తానే పట్టుబడుతుంది. సగటు ఎప్పుడైనా అతి తక్కువ రేటుకు తగ్గకుండా, అతి ఎక్కువ రేటును మించకుండా ఉండి తీరాలి. ఆ హద్దు దాటిందంటే షీట్‌లో ఎక్కడో ఒక గడి చెడిందని అర్థం.

హద్దు లోపలే ఉండే మొదటి రకం పొరపాటును పట్టుకోవడానికి రెండు గుర్తులు ఉన్నాయి. మీరు అమరికను మార్చకపోతే, ఎక్సెల్ అంకెలను గడిలో కుడివైపుకూ అక్షరాలను ఎడమవైపుకూ జరిపి చూపిస్తుంది. కాబట్టి ఒక్క గడి మాత్రం ఎడమకు అంటుకుని ఉంటే దాన్నే ముందు చూడండి. అంతకంటే గట్టి గుర్తు కావాలంటే, సగటు పక్క గడిలో ఇది పెట్టండి:

```
=COUNT(A2:A4)
```

COUNT నిజమైన అంకెలున్న గడులను మాత్రమే లెక్కపెడుతుంది. మూడు దఫాలకు 3 రావాలి, 2 వస్తే ఒక దఫా అక్షరాలుగా మారిందన్నమాట. B వరుసకూ ఇలాంటిదే ఒకటి పెట్టుకుంటే మంచిది. గడిలో కిలోలు అన్న మాట తప్పకుండా కనబడాలనుకుంటే, టైపు చేయకుండా గడి ఫార్మాట్‌లో కస్టమ్ అనే చోట ఈ రూపం ఇవ్వండి:

```
0 "కిలోలు"
```

అప్పుడు మీరు 250 అని మాత్రమే టైపు చేస్తారు, తెరపై "250 కిలోలు" కనబడుతుంది, లోపల అంకె అంకెగానే ఉంటుంది.

రవాణాకూ దింపుడు కూలికీ డబ్బు ఇచ్చి ఉంటే, అది కూడా సరుకు ఖరీదులో భాగమే. దాన్ని రేటుకు ఉజ్జాయింపుగా కలపకుండా, మొత్తం డబ్బుకు కలిపి ఆ తర్వాత భాగించండి. మూడు దఫాలకూ కలిపి 400 రూపాయలు అయిందనుకుంటే 17,000ను 400తో భాగించి కిలోకు 42.50గా తీసుకోవాలి.

ఇంతవరకు చెప్పింది మీరు కొన్న సరుకు మొత్తానికి సగటు. మూడు దఫాలూ వచ్చేదాకా ఏమీ అమ్మకుండా ఉంటే ప్రస్తుత నిల్వకూ ఇదే సంఖ్య సరిపోతుంది. కానీ దుకాణంలో అలా జరగదు, పాత సరుకులో కొంత వెళ్లాకే కొత్తది వస్తుంది. అందుకే దీనికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: ఒక కాలవ్యవధికంతటికీ కలిపి ఒకే సగటు కట్టడం, లేదా కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ సగటును తిరిగి కట్టడం. నిల్వల లెక్కకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 ఈ రెండింటినీ అనుమతిస్తుంది. దుకాణదారుకు రెండవది ఎక్కువ ఉపయోగమని నేననుకుంటాను, ఎందుకంటే ఈ రోజు అమ్మకపు ధర నిర్ణయించేటప్పుడు కావలసింది ఇప్పుడు మిగిలి ఉన్న సరుకు ఖరీదు.

మీ అంకెలతోనే చూద్దాం. రెండవ దఫా వచ్చేలోపు మొదటి దఫాలో 150 కిలోలు అమ్ముడుపోయాయనుకుందాం. మిగిలిన 100 కిలోల విలువ 4,000. దానికి కొత్త 100 కిలోల 4,300 కలిస్తే 200 కిలోలకు 8,300, అంటే సగటు 41.50. ఇది మొత్తం కొనుగోలు సగటుతో కలవడం ఈ అంకెల వల్ల జరిగిన యాదృచ్ఛికమే. ఆ తర్వాత మరో 150 కిలోలు అమ్మారనుకుంటే, మిగిలిన 50 కిలోల విలువ 2,075. మూడవ దఫా 2,300 కలిస్తే 100 కిలోలకు 4,375, అంటే కిలోకు 43.75. కొనుగోలు సగటు 41.50 దగ్గరే ఉన్నా, మీ దగ్గర ఉన్న పంచదార అంతకంటే 2.25 రూపాయలు ఎక్కువ ఖరీదైనది. పాత సగటును పట్టుకుని 43కు అమ్మితే లాభం వస్తోందని అనుకుంటూనే కిలోకు 75 పైసలు పోగొట్టుకుంటారు.

షీట్‌లో దీనికోసం C నిలువు వరుసలో కొత్త సరుకు రావడానికి ముందు మిగిలిన నిల్వను రాయండి. D నిలువు వరుసలో సగటు ఉంటుంది. D2లో =B2 అని పెట్టి, D3లో ఇది రాసి కిందికి లాగండి:

```
=(C3*D2+A3*B3)/(C3+A3)
```

C వరుసలో రాసే నిల్వను నిజంగా తూచి రాయాలి, ఎందుకంటే ఈ పద్ధతిలో ఒకచోట తప్పిన అంకె తర్వాతి సగటులన్నిటిలోకీ పాకుతుంది. సరిచూసుకోవడానికి, అమ్మిన సరుకు ఖరీదునూ మిగిలిన సరుకు విలువనూ కూడండి. ఇక్కడ మొదటి 150 కిలోలకు 6,000, తర్వాతి 150 కిలోలకు 6,225, మిగిలిన నిల్వకు 4,375, మొత్తం 16,600, అంటే మీరు చెల్లించిన డబ్బే. లెక్క ప్రకారం 100 కిలోలు ఉండాల్సిన చోట తూకంలో 98 వస్తే, C3లో 98 రాసి, తగ్గిన 2 కిలోలను అప్పటి సగటు 40 చొప్పున 80 రూపాయల తరుగుగా విడిగా నమోదు చేయండి. ఆ 80 కూడా కలిపితేనే ఈ కూడిక మళ్లీ 16,600 దగ్గర సరిపోతుంది.